‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగొచ్చు

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రాసినవాళ్లు తొమ్మిది లక్షలకు పైమాటే, ఫెయిలైనవాళ్లు మూడు లక్షలకు పైనే. ఆ తర్వాతి కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. మార్కుల నమోదులో జరిగిన తప్పుల మీద గొడవలయ్యాయి, త్రిసభ్య కమిటీ వేశారు, ఫెయిలైన వారందరి జవాబుపత్రాలూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. చర్చంతా సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరిగింది. అది తేలాల్సిన సంగతే. కానీ ఫెయిలైన లక్షల మందిలో అత్యధికులు బతికే ఉన్నారు. ఒక ప్రాణం పోవడానికి మార్కుల మెమో ఒక్కటే కారణం కాదు. దాని వెనక అప్పటికే పేరుకున్న దిగులు ఉంటుంది, ఇంటి పరిస్థితులుంటాయి, నిద్రలేని రాత్రులుంటాయి. అవి పక్క బెంచీ స్నేహితుడికో, పాఠం చెప్పే మేడమ్‌కో ఎంతోకొంత కనిపిస్తాయి. కనిపించాక ఏం మాట్లాడాలన్నదే చాలామందికి తెలియదు.

నాచారంలో ఒక జూనియర్ కాలేజీ అనుకుందాం. ఇది ఊహించి చెబుతున్న ఉదాహరణే. ఫలితాల హడావిడి సద్దుమణిగింది, మేలో సప్లిమెంటరీ కోసం క్లాసులు నడుస్తున్నాయి. అందరూ భయపడేది ఫలితాల రోజుకే గానీ, ఫోన్లూ పలకరింపులూ ఆగిపోయిన ఈ వారాలు కూడా తక్కువవేం కావు. మల్లాపూర్ నుంచి వచ్చే ఒక కుర్రాడు లెక్కల్లో ఫెయిలయ్యాడు. వాళ్ల నాన్నది పారిశ్రామికవాడలో షిఫ్టు ఉద్యోగం. అబ్బాయి క్లాసుకు వస్తున్నాడు, కానీ ఎప్పుడూ ముందుండి జోకులేసేవాడు మూల బెంచీకి మారాడు. అన్నం డబ్బా తెరవడం లేదు. ఫిజిక్స్ నోట్సు, ఇష్టంగా కొనుక్కున్న ఇయర్‌ఫోన్స్ స్నేహితుడి చేతిలో పెట్టి, “ఉంచుకో రా, నాకింక ఎందుకు” అన్నాడు. “నేను లేకుంటే మా నాన్నకు ఫీజుల బాధ తప్పుతది” అని నవ్వుతూనే అన్నాడు.

వీటిలో ఏ ఒక్కదాన్నీ పట్టుకుని ఏదీ తేల్చలేం. పరీక్ష పోతే ఎవరికైనా ఆకలి మందగిస్తుంది. చూడాల్సింది ఆ మనిషి మామూలు తీరు నుంచి ఎంత మారాడన్నది, అలాంటి మార్పులు ఒకదాని మీద ఒకటి ఎన్ని చేరాయన్నది. వాటిలో బరువైనవి ఇంట్లోవాళ్లకు భారమయ్యానన్న మాట, ఇష్టమైన వస్తువులు పంచేయడం, వీడ్కోలులా వినిపించే మెసేజ్‌లు. గతంలో ఒకసారి ఆత్మహత్యకు ప్రయత్నించి ఉంటే ప్రమాదం మరింత ఎక్కువ. చాలా రోజుల దిగులు తర్వాత కారణం లేకుండా ఒక్కసారిగా తేలికపడితే పెద్దవాళ్లు “హమ్మయ్య” అనుకుంటారు. ఒక్కోసారి అది నిర్ణయం తీసేసుకున్నాక వచ్చే ప్రశాంతత కూడా కావచ్చు.

ఇయర్‌ఫోన్స్ అందుకున్న స్నేహితుడు లెక్కల మేడమ్‌కు చెప్పాడు. “వాడు మామూలుగా లేడు మేడం.” స్నేహితుడు చేయగల పెద్ద పని సగం అక్కడే అయిపోయింది.

ఇక అడగాలి. మన ఇళ్లలో సాధారణంగా అడిగేది, “పిచ్చి పిచ్చి ఆలోచనలేం పెట్టుకోవట్లేదు కదా?” అని. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. “లేదు” అనడం తప్ప అవతలివాడికి దారి లేదు. పైగా తన మనసులో ఉన్నదానికి పిచ్చి అని పేరు కూడా పెట్టేశాం. మేడమ్ స్టాఫ్ రూమ్‌లో కాకుండా, ఎవరూ లేని ల్యాబ్‌లో పక్కన కూర్చుని అడిగారు.

“రెండు వారాల నుంచి చూస్తున్న. నువ్వు ఎవరితో మాట్లాడట్లేవు, తింటలేవు. నీ నోట్సులన్నీ ఇచ్చేసినవట. ఇంత బాధ ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోవాలని కూడా అనిపిస్తది. నీకు అట్లా అనిపిస్తుందా?”

ముందు తాను చూసినవి చెప్పారు. అలా అనిపించడం అతనొక్కడికే కాదన్నారు. తర్వాత మాట దాచకుండా అడిగారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం చాలామందిలో ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో రెండు వేలకు పైగా విద్యార్థుల మీద చేసిన పరిశోధన 2005లో వెలువడింది. కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, కొందరిని అడగలేదు. అడిగినందువల్ల పిల్లల్లో ఆందోళన గానీ, ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే దిగులుగా ఉన్నవాళ్లకైతే కాస్త ఊరట దొరికింది.

కుర్రాడు చాలాసేపు కిందికి చూశాడు. “అనిపిస్తుంది మేడం.”

ఇక్కడ పెద్దవాళ్ల నోటి నుంచి తన్నుకొచ్చే మాటలు రెండు. “అమ్మానాన్నల మొహం చూడవా?” అన్నది మొదటిది. అప్పటికే భారమయ్యానని కుమిలిపోతున్నవాడి మీద అది ఇంకో నేరం మోపుతుంది. “ఎవరికీ చెప్పనులే” అన్నది రెండోది. అది నిలబెట్టుకోలేని మాట. మేడమ్ “నాకు చెప్పినవు, మంచి పని చేసినవు. ఎప్పటి నుంచి?” అన్నారు. కాసేపు విని, మరో మూడు అడిగారు. ఎలా చేసుకోవాలో ఆలోచించావా? ఎప్పుడని అనుకున్నావా? ఇంతకు ముందు ఎప్పుడైనా ప్రయత్నించావా? ఊరికే బతుకు మీద విసుగు పుట్టడానికీ, ఇవాళో రేపో అన్న పథకానికీ మధ్య దూరం ఈ జవాబుల్లోనే తెలుస్తుంది. పథకం ఉంటే మనిషిని ఒంటరిగా వదలకూడదు. బాత్రూమ్‌కు వెళ్లినా తోడుండాలి.

ఈ అబ్బాయి రాత్రుళ్లు ఆలోచిస్తున్నానన్నాడు, ఎప్పుడన్నది అనుకోలేదన్నాడు. నాన్నకు చెప్పొద్దని బతిమాలాడు. “చెప్పక తప్పదు. కానీ ఏం చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుందాం” అన్నారు మేడమ్. అతను వింటుండగానే ఫోన్ చేశారు. “మార్కుల సంగతి కాదు సార్. బాబు చాలా బాధల ఉన్నడు, చచ్చిపోవాలన్న ఆలోచనలొస్తున్నయని తనే చెప్పిండు. తిట్టకండి. మీరొచ్చేదాకా నా దగ్గరే ఉంటడు.” తండ్రి వచ్చాక, హాని చేసుకునే వీలున్న వస్తువులు కొన్నాళ్లు ఇంట్లో అందుబాటులో లేకుండా చూడమన్నారు. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో ఎక్కువసేపు ఉండదు. ఆ కాసేపు చేతికేదీ అందకపోవడం ప్రాణం నిలుపుతుంది.

అక్కడే 14416కు ఫోన్ కలిపారు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బాధలో ఉన్నవాళ్లే కాదు, పక్కనున్న స్నేహితుడూ చేయొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. హబ్సిగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చాలు. ప్రాణాపాయమైతే మాత్రం 108, దగ్గర్లోని క్యాజువాలిటీ. కేసవుతుందేమోనని ఆసుపత్రికి వెళ్లడానికి వెనకాడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

ఇదంతా ఒక మేడమ్ మంచితనం మీద ఆధారపడాల్సింది కాదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలనీ, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలనీ చెప్పింది. పిల్లల్ని చేర్పించేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూసినట్టే, ఈ రెండూ ఉన్నాయా అని కౌంటర్‌లో అడగొచ్చు.

సూటిగా అడిగినా “అదేం లేదు మేడం” అన్న జవాబే రావచ్చు. అది నిజం కావచ్చు, ఇంకా నమ్మకం కుదరకపోవడమూ కావచ్చు. చూసి కచ్చితంగా చెప్పగలిగే పరీక్ష డాక్టర్ల దగ్గరా లేదు. అప్పుడు వాదించకుండా “సరే. ఎప్పుడన్నా అనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా సరే” అని నంబరిచ్చి, రెండు రోజులాగి మళ్లీ పక్కన కూర్చుని అదే ప్రశ్న అడగాలి.