భాషా దిద్దుబాటు – రచనా కర్తృత్వం: హద్దు ఎక్కడ?

తెలుగు మాధ్యమంలో చదివి, ప్రాజెక్టు నివేదికను ఇంగ్లీషులో రాయవలసివచ్చిన విద్యార్థులు వ్యాకరణ పరికరాల సహాయం తీసుకోవడం సహజమే. అయితే ఒకప్పుడు అక్షరదోషాలను మాత్రమే చూపిన ఈ పరికరాలు ఇప్పుడు వాక్యాలను, పేరాలను కూడా తిరిగి రాసిపెడుతున్నాయి. ఇందులో దిద్దుబాటు ఎక్కడ ముగుస్తుందో, రచన మీది కాకుండా పోవడం ఎక్కడ మొదలవుతుందో ఈ భాగంలో తెలుసుకుంటారు.

ఒక ఉదాహరణ

పల్నాడు జిల్లా నాదెండ్ల మండలంలో మిరప పండించే 30 మంది కౌలు రైతులను ప్రశ్నావళితో కలిశారనుకుందాం. (అంకెలు వివరణ కోసం ఊహించినవి.) వారిలో 19 మంది గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ ఏజెంటు వద్ద పెట్టుబడికి ముందుగా డబ్బు తీసుకున్నామని, ఆ ఏడాది సరుకును అతని ద్వారానే అమ్మామని చెప్పారు. ఈ విషయాన్ని మీకు వచ్చిన ఇంగ్లీషులో మూడు చిన్న వాక్యాలుగా రాశారు. వాటిని పరికరానికి ఇస్తే మూడు రకాల మార్పులు రావచ్చు.

మొదటిది, దోషం దిద్దడం. ‘ఫార్మర్స్ హాజ్ సోల్డ్’ అని మీరు రాసినదాన్ని ‘ఫార్మర్స్ హ్యావ్ సోల్డ్’ అని మారుస్తుంది. మీరు చెప్పిన సంగతి చెక్కుచెదరలేదు.

రెండవది, వాక్యాన్ని సాఫీ చేయడం. మూడు ముక్క వాక్యాలను ఒకే వాక్యంగా కలుపుతుంది. 30 మంది, 19 మంది, ఆ ఏడాది అనే వివరాలన్నీ అందులో ఉంటే ఇదీ దిద్దుబాటే.

మూడవది, చెప్పని మాటను చేర్చడం. ‘బ్యాంకులు రుణం ఇవ్వనందువల్ల పల్నాడులోని కౌలు రైతుల్లో అత్యధికులు ఏజెంట్లపై ఆధారపడుతున్నారు’ అనే అర్థం వచ్చే చక్కని వాక్యం తయారవుతుంది. కాని బ్యాంకుల గురించి మీ ప్రశ్నావళిలో ప్రశ్నే లేదు. మీరు తిరిగింది ఒక్క మండలంలోనే. అంటే ఒక కారణమూ, ఒక సాధారణీకరణమూ మీ పరిశోధన నుంచి కాక పరికరం నుంచి వచ్చాయి. ఇక్కడితో దిద్దుబాటు ముగిసింది.

హద్దును గుర్తించడం

ఎన్ని పదాలు మారాయన్నది కొలమానం కాదు. ఒక్క పదంతోనే హద్దు దాటవచ్చు. ‘సోల్డ్’ను ‘సెల్’గా మారిస్తే ఒక ఏడాది జరిగిన అమ్మకం ఏటేటా జరిగే అలవాటుగా మారుతుంది. కౌలు రైతు అని అర్థమిచ్చే ‘టెనెంట్’ బదులు ‘షేర్‌క్రాపర్’ అని పెడితే, ముందుగా ఒప్పుకున్న కౌలు చెల్లించే రైతు పంటలో వాటా ఇచ్చే పాలు రైతు అయిపోతాడు. వ్యాకరణపరంగా రెండూ ఒప్పే. మీ దత్తాంశం ప్రకారం రెండూ తప్పే.

కాబట్టి ప్రతి మార్పు దగ్గర ఒక ప్రశ్న వేసుకోండి: ‘ఈ మాటకు ఆధారం నా క్షేత్ర నోట్సులో ఏ పుటలో ఉంది?’ పుట చూపగలిగితే ఆ మార్పును ఉంచండి. చూపలేకపోతే మీ పాత వాక్యాన్ని తిరిగి తెచ్చుకోండి. మౌఖిక పరీక్షలో పరీక్షకులు అడిగేదీ ఇదే.

పోలిక శాతం చాలదా?

యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు ఉన్న పోలికకు శిక్ష లేదు. అందుచేత కొందరు ఇతరుల పేరాను పరికరంతో తిరగరాయించి శాతం తగ్గిస్తారు. కాని ఆ నిబంధనలు ఇతరుల రచననే కాదు, ఆలోచనను తమదిగా చూపుకోవడాన్ని కూడా గ్రంథచౌర్యంగానే నిర్వచించాయి. పదాలు మారినా ఆలోచన వారిదే కనుక మూలాన్ని పేర్కొనక తప్పదు. పోలిక శాతం పదాల కలయికను కొలుస్తుందే తప్ప కర్తృత్వాన్ని కాదు.

వెల్లడించడం

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం (ఐ.సి.ఎం.జె.ఇ.) మార్గదర్శకాల ప్రకారం భాషను దిద్దినంత మాత్రాన ఎవరూ రచయిత కారు, వారిని కృతజ్ఞతలలో పేర్కొనాలి. రచనకు బాధ్యత వహించలేదు కనుక కృత్రిమ మేధ పరికరాన్ని రచయితగా చూపరాదని ఆ సంఘం 2023లో స్పష్టం చేసింది. కేవలం అక్షరదోషాల సవరణను ప్రకటించనక్కరలేదని పలు ప్రచురణ సంస్థలు అంటున్నాయి. వాక్యాలను తిరగరాయించితే మాత్రం పరికరం పేరు, వాడిన అధ్యాయాలు, వాడిన పని తెలుపుతూ రెండు వాక్యాలు రాయండి. ముందుగా మీ పర్యవేక్షకుల నియమం తెలుసుకోండి. పరికరానికి ఇవ్వకముందు ఉన్న ప్రతిని తేదీతో భద్రపరచండి. సందేహం వచ్చిన రోజున మీ ఆలోచన మీదేనని చూపే సాక్ష్యం అదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

‘19 మంది రైతులు చెప్పారు’ అన్న మీ వాక్యాన్ని పరికరం ‘19 మంది రైతులు అంగీకరించారు’ అని మార్చింది. ఇది దిద్దుబాటా?

సూచన: ‘అంగీకరించారు’ అంటే ఎవరో ఆరోపించినట్లు, వారు ఒప్పుకున్నట్లు అర్థం రావచ్చు. మీ నోట్సులో అలాంటి సందర్భం ఉందేమో చూడండి.