బాట్ చేతులెత్తేసిన తర్వాత

కస్టమర్ అడిగినదానికి చాట్‌బాట్ దగ్గర జవాబు లేనప్పుడు అది చేసే పనిని ఫాల్‌బ్యాక్ అంటారు. అక్కడినుంచి సంభాషణను మనిషి చేతికి అప్పగించడం హ్యాండాఫ్. చాలా సంస్థలు జవాబులు సిద్ధం చేయడానికి ఎంతో శ్రమపడి, ఈ రెండింటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘క్షమించండి, మీ ప్రశ్న అర్థం కాలేదు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతాయి. కస్టమర్‌కు కోపం తెప్పించేది ఎక్కువగా ఆ వాక్యమే. దాని స్థానంలో ఏముండాలో చెప్పడానికి ఒక బ్యాంకు చాట్‌బాట్, యూపీఐలో కట్ అయి అవతలివారికి చేరని డబ్బు మంచి ఉదాహరణ.

మూడు రకాల వైఫల్యం

బాట్ మూడు రకాలుగా విఫలమవుతుంది. కస్టమర్ రాసింది అర్థం కాకపోవడం మొదటిది. అర్థమైనా ఆ పని చేసే అధికారమో సమాచారమో లేకపోవడం రెండోది. అర్థమైందనుకుని ధీమాగా తప్పు చెప్పడం మూడోది. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మొదటి రకంలో మళ్లీ అడిగితే ఫలితం ఉంటుంది. రెండో రకంలో ఎన్నిసార్లు అడిగినా లాభం లేదు, వెంటనే మనిషికి అప్పగించాలి. మూడో రకంలో తప్పు జరిగినట్టు బాట్‌కే తెలియదు కనుక, అది ఏ విషయాలపై నోరు విప్పకూడదో ముందే నిర్ణయించి పెట్టాలి.

ఈ మూడోది ఎంతదూరం పోగలదో 2024 ఫిబ్రవరిలో కెనడాలో తేలింది. దగ్గరి బంధువు చనిపోయినవారికి ఇచ్చే టికెట్ రాయితీని ప్రయాణం తర్వాత కూడా అడగవచ్చని ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి చెప్పింది. అసలు నిబంధన అలా లేదు. బాట్ మాటకు తాము బాధ్యులం కాదన్న సంస్థ వాదనను బ్రిటిష్ కొలంబియాలోని ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు. ప్రయాణికుడికి పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

మళ్లీ అడగడం ఎలా

కస్టమర్ సందేశం ఏ అంశానికి చెందిందో అంచనా వేసి, ప్రతి అంశానికీ సున్నా నుంచి ఒకటి మధ్య ఒక మార్కు వేయడం చాలా బాట్‌లు పనిచేసే పద్ధతి. మార్కు ఒక హద్దు దాటకపోతే ఫాల్‌బ్యాక్ మొదలవుతుంది. రాసా అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ అమరిక ఇలా ఉంటుంది:

```
- name: FallbackClassifier
  threshold: 0.3
  ambiguity_threshold: 0.1
```

మొదటి అంకె కనీస మార్కు. రెండోది, మొదటి రెండు అంచనాల మధ్య ఉండాల్సిన కనీస తేడా. ఇవి ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే అంకెలు మాత్రమే. తమ కస్టమర్లు నిజంగా పంపిన పాత సందేశాలను పెట్టి చూసి, ఎక్కడ తప్పు జవాబులు మొదలవుతున్నాయో అక్కడ హద్దు గీసుకోవాలి. తెలుగువారి విషయంలో ఈ పరీక్ష మరీ అవసరం. ఎక్కువమంది చాట్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వారు రాస్తారు. శుద్ధమైన తెలుగు వాక్యాలతో పరీక్షించిన బాట్ ఇక్కడ తడబడుతుంది.

ఒక కస్టమర్ `8000 cut ayyayi owner ki padaledu` అని రాశాడనుకుందాం. ఇంటి అద్దె పంపాడు, ఖాతాలో డబ్బు తగ్గింది, ఓనర్‌కు చేరలేదు. బాట్ దీన్ని ‘పంపిన డబ్బు చేరలేదు’ అన్న అంశానికి 0.46, ‘చార్జీలు ఎందుకు కట్ అయ్యాయి’ అన్నదానికి 0.41 వేసిందనుకుందాం. రెండూ 0.3 దాటాయి, కానీ వాటి మధ్య తేడా 0.05 మాత్రమే. ఇలాంటప్పుడు ఎక్కువ మార్కు వచ్చినదాన్ని పట్టుకుని జవాబు చెప్పేయడం పొరపాటు. ‘అర్థం కాలేదు, మళ్లీ రాయండి’ అనడం అంతకంటే పెద్ద పొరపాటు. ‘మీరు పంపిన డబ్బు అవతలివారికి చేరలేదా? లేక బ్యాంకు చార్జీల గురించి అడుగుతున్నారా?’ అని రెండు బటన్లు చూపిస్తే, కస్టమర్ ఒక్క నొక్కుతో తేల్చేస్తాడు.

ఆ తర్వాతి ప్రశ్న కూడా ఇంతే తేలికగా ఉండాలి. పన్నెండంకెల లావాదేవీ నంబరు టైప్ చేయమంటే సగంలో వదిలేసేవారు చాలామంది. కస్టమర్ లాగిన్ అయ్యే ఉన్నాడు కనుక, చివరి మూడు చెల్లింపులను చూపించి ‘వీటిలో ఏది?’ అంటే చాలు. మళ్లీ అడగడం రెండుసార్లకు మించకూడదు. ఆ లెక్క పెట్టడంలో తరచూ ఒక లోపం దొర్లుతుంది. కస్టమర్ మధ్యలో ‘మెయిన్ మెనూ’ నొక్కగానే లెక్క సున్నాకు పోతుంది. అప్పుడతను అదే చోట ఎంతసేపు తిరిగినా హ్యాండాఫ్ రాదు. అందుకే లెక్క మెనూకు కాక మొత్తం సంభాషణకు ఉండాలి.

పెద్ద భాషా నమూనాలతో నడిచే కొత్త బాట్‌లు ఏది అడిగినా సాఫీగా వాక్యాలు అల్లుతాయి. కాబట్టి వాటికి ఇలాంటి మార్కు ఒక్కటే సరిపోదు. బ్యాంకు ఆమోదించిన పత్రాల్లో ఆ జవాబుకు ఆధారం దొరకకపోయినా, ఖాతా వివరాలు తెచ్చే వ్యవస్థ పలకకపోయినా, అది ఫాల్‌బ్యాక్‌గానే లెక్కకు రావాలి.

ఎక్కడ ఆగాలి

అద్దె లావాదేవీ దొరికాక బాట్ దాని స్థితిని చూస్తుంది. ‘ఫెయిల్’ అని ఉంటే పని సులువు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన నిబంధనల ప్రకారం, వ్యక్తికి పంపిన యూపీఐ డబ్బు అవతలి ఖాతాలో జమ కాకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. దుకాణానికి చెల్లించి, అక్కడ నిర్ధారణ రాకపోతే గడువు అయిదు రోజులు. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. కాబట్టి డబ్బు వెళ్లింది వ్యక్తికా, దుకాణానికా అన్నది చూసుకున్నాకే బాట్ తేదీ చెప్పాలి. ‘త్వరలో వస్తుంది’ అని వదిలేస్తే కస్టమర్ గంటకోసారి అడుగుతూనే ఉంటాడు.

స్థితి ‘సక్సెస్’ అని ఉండి, ఓనర్ మాత్రం రాలేదంటుంటే బాట్ అక్కడే ఆగాలి. డబ్బు ఓనర్‌కున్న వేరే ఖాతాలో పడి ఉండవచ్చు, పొరపాటున మరొకరి యూపీఐ ఐడీకి వెళ్లి ఉండవచ్చు. తేల్చడానికి అవతలి బ్యాంకుతో మాట్లాడే మనిషి కావాలి. ‘మీ లావాదేవీ విజయవంతమైంది’ అని బాట్ మళ్లీ మళ్లీ చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. గడువు దాటినా డబ్బు తిరిగి రాని కేసులకూ ఇదే వర్తిస్తుంది.

కొన్ని సందర్భాల్లో మళ్లీ అడగడమన్న మెట్టే ఉండకూడదు. కస్టమర్ ‘మనిషితో మాట్లాడాలి’ అంటే, దాన్ని కాదనకుండా అప్పగించాలి. మోసం జరిగిందన్న మాట కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. ఆ ఒక్క సందేశంతోనే కార్డు, యూపీఐ నిలిపివేసే బటన్‌ను, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరును చూపిస్తూ, సంభాషణను మామూలు వరుసలో కాక మోసాల విభాగానికి పంపాలి.

మనిషి చేతికి ఏమి అందాలి

హ్యాండాఫ్ బాగుందో లేదో ఏజెంట్ రాసే మొదటి వాక్యమే చెప్పేస్తుంది. ‘చెప్పండి, మీ సమస్య ఏమిటి?’ అని మొదలైతే, బాట్ సేకరించినదేదీ అతనికి చేరలేదన్నమాట. కస్టమర్ కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. చేరితే ఇలా ఉంటుంది: ‘నమస్కారమండీ. శుక్రవారం సాయంత్రం మీ ఓనర్‌గారికి పంపిన రూ.8,000 మా దగ్గర సక్సెస్ అని చూపిస్తోంది. ఆయన ఏ ఖాతా చూసుకున్నారో ఒకసారి చెప్పగలరా?’

దీనికోసం ఏజెంట్ తెరపై ఆరు విషయాలు కనిపించాలి: కస్టమర్ ఎవరు, అతని గుర్తింపు సరిచూశారా లేదా, ఏ లావాదేవీ, దాని స్థితి ఏమిటి, బాట్ ఇప్పటికే ఏం చెప్పింది, ఎందుకు అప్పగించింది. పూర్తి సంభాషణ దాని కింద ఉండవచ్చు. కానీ వరుసలో మరికొందరు ఎదురుచూస్తుండగా అదంతా చదివే తీరిక ఏజెంట్‌కు ఉండదు. కస్టమర్ తొందరలో ఓటీపీనో పిన్నో టైప్ చేసి ఉంటే, అది ఏజెంట్‌కు కనిపించకముందే చుక్కలుగా మారిపోవాలి.

అప్పగించాక బాట్ నోరు మూసుకోవాలి. ఏజెంట్ మాట్లాడుతుంటే మధ్యలో బాట్ కూడా జవాబులిచ్చే లోపం అరుదైనదేమీ కాదు. ఇంకో లోపం ఎదురుచూపుల్లో పుడుతుంది. కస్టమర్ పది నిమిషాలు ఏమీ రాయకపోతే చాట్ మూసేయాలన్న నియమం, ఏజెంట్ కోసం వరుసలో ఉన్నవారికీ వర్తించి వారిని బయటికి నెట్టేస్తుంది. వరుసలో ఉన్నంతసేపు ఆ గడియారం ఆగాలి.

సీట్లో ఎవరూ లేనప్పుడు

ఈ కస్టమర్ శుక్రవారం రాత్రి పది గంటలకు అడిగాడని, చాట్ సిబ్బంది ఉదయం తొమ్మిదికి గానీ రారని అనుకుందాం. ‘ఏజెంట్‌కు కలుపుతున్నాం’ అని చెప్పి వదిలేయడం ఇక్కడ అబద్ధమవుతుంది. బాట్ ఆ మాట అనడానికి ముందే పనివేళలను, వరుస పొడవును చూసుకోవాలి. ఎవరూ లేకపోతే ఫిర్యాదు నమోదు చేసి నంబరు ఇవ్వాలి. ఎప్పటిలోగా, ఫోన్‌లోనా చాట్‌లోనా జవాబు వస్తుందో చెప్పాలి. ఉత్త చాట్‌గా కాక ఫిర్యాదుగానే నమోదు కావడం ముఖ్యం. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. అప్పుడు కస్టమర్‌కు అక్కరకొచ్చేవి ఆ నంబరు, ఆ తేదీ.

చాట్ వాట్సాప్‌లో నడుస్తుంటే ఇంకో గడువుంది. కస్టమర్ చివరి సందేశం పంపిన 24 గంటల వరకే సంస్థ తనకు తోచినట్టు రాయగలదు. అది దాటితే ముందుగా ఆమోదం పొందిన మూస సందేశమే పంపాలి. శుక్రవారం రాత్రి ఫిర్యాదుకు సోమవారం జవాబిచ్చే ఏజెంట్‌కు ఆ మూస సిద్ధంగా లేకపోతే, చెప్పాల్సింది ఉన్నా పంపే దారి ఉండదు.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

మనిషి దాకా రాకుండా బాట్ దగ్గరే ముగిసిన సంభాషణల శాతాన్ని సంస్థలు విజయంగా చూపుకుంటాయి. విసుగెత్తి చాట్ మూసేసిన కస్టమర్ కూడా ఆ లెక్కలో ‘పరిష్కారమైనవాడే’ కావడం దానిలోని చిక్కు. అదే కస్టమర్ అదే విషయంపై వారంలోపు ఫోన్ చేశాడా, ఈమెయిల్ పంపాడా, బ్రాంచికి వచ్చాడా అన్నది కలిపి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

దీనితోపాటు ఫాల్‌బ్యాక్‌కు దారితీసిన సందేశాలను వారానికోసారి మనుషులు కూర్చుని చదవాలి. అర్థం కానివాటిలో ఒకే మాట పదేపదే కనిపిస్తే దాన్ని బాట్‌కు నేర్పాలి. అర్థమైనా చేయలేనివాటిలో ఒకే పని పదేపదే వస్తుంటే, బాట్‌కు ఆ పని చేసే అనుమతి ఇవ్వాలా, లేక మొదటి సందేశంతోనే మనిషికి పంపాలా అన్నది తేల్చాలి. ‘సక్సెస్’ అని ఉండీ చేరని డబ్బు ఈ రెండో కోవలోది. అలాంటి కస్టమర్‌ను బాట్ దగ్గర ఆపి ఉంచినందువల్ల సంస్థకు మిగిలేది, మర్నాడు వచ్చే ఇంకో ఫోన్ మాత్రమే.