బకెట్లో ఎర్రబడే నీళ్లు

మాది గోదావరిఖని. మా ఇంటి బోరు నీళ్లు పొద్దున పట్టినప్పుడు అద్దంలా ఉంటాయి, సాయంత్రానికి ఎర్రమట్టి కలిపినట్టు అవుతాయి. ఆ నీళ్లతో చాయ్ పెడితే నల్లగా వస్తుంది. నా తెల్ల చొక్కాల మీద పసుపు మరకలు పడుతుంటే అమ్మ బ్లీచింగ్ వేసి ఉతికింది. మరకలు ఇంకా ముదిరాయి. "పైపులు తుప్పు పట్టినయ్" అన్నాడు నాన్న. కానీ మాది ప్లాస్టిక్ పైపు.

తుప్పు పైపులో లేదు, భూమిలోని ఇనుమే నీళ్లలో ఉంది. మా దగ్గరి ఇసుకరాతి పొరల్లో ఇనుప ఖనిజాలు ఉంటాయి, బొగ్గుతో పాటు పైరైట్ కూడా. లోతులో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ ఇనుము ఫెర్రస్ (Fe²⁺) రూపంలో ఉప్పులాగా కరిగి ఉంటుంది, రంగు కనపడదు. పైకొచ్చి గాలి తగిలాక ఫెర్రిక్ అవుతుంది. అది కరగదు కాబట్టి గోధుమరంగు రేణువులై విడిపోతుంది. బ్లీచింగ్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే బట్ట పోగుల్లోనే!

ముందు నేను చేసిన తప్పు చెప్తా. మోటారు పైపుకే ఫిల్టర్ బిగించా. అది ఆపేది రేణువుల్ని. కరిగిన ఇనుము హాయిగా దాటిపోయి, తర్వాత బకెట్లో ఎర్రబడింది. అంటే గాలి ముందు, వడపోత తర్వాత. ప్రోగ్రాంలో రెండు లైన్లు తారుమారైనట్టే.

రెండోసారి పైపు చివర మూసి, సన్నని రంధ్రాలు పెట్టి, నీళ్లు మూడడుగుల ఎత్తు నుంచి షవర్‌లా డ్రమ్ములో పడేలా చేశాం. రాత్రంతా ఉంచి, పైనీళ్లను రెండో డ్రమ్ములోకి వదిలాం. అందులో అడుగున కంకర, పైన అడుగున్నర ఇసుక.

పరీక్షలో మా నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఇనుము వచ్చింది. 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ సుమారు 7 మిల్లీగ్రాముల ఇనుముకు సరిపోతుంది, కాబట్టి మాకు అర మిల్లీగ్రాము చాలు. బాగా గాలి తగిలిన నీళ్లలో లీటరుకు 7, 8 దాకా ఉంటుంది. అయినా మొదటి వారం వడకట్టిన నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. కొరత గాలిది కాదు, పీహెచ్‌ది. పట్టీ ముంచితే 6.5 చూపించింది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఈ చర్య దాదాపు వందరెట్లు వేగంగా జరుగుతుంది. షవర్ కింద సున్నపురాయి ముక్కల బుట్ట పెట్టాక దారికొచ్చింది.

ఇది ఫ్లోరైడ్‌నీ, ఉప్పునీ, క్రిముల్నీ తీయదు. తాగే నీళ్ల సంగతి వేరే.

ఇప్పుడు వారానికోసారి వడకట్టిన నీళ్లు సీసాలో పట్టి రాత్రంతా ఉంచుతాం. పట్టగానే ఎర్రగా ఉంటే రేణువులు ఇసుకని దాటుతున్నట్టు, ఇసుక కడగాలి. తెల్లారేసరికి ఎర్రబడితే ఇనుము ఇంకా కరిగే ఉన్నట్టు, సున్నపురాయి బుట్ట చూడాలి. ఆ సీసా చూసే డ్యూటీ అమ్మది.