97 మెయిళ్లు వచ్చినా మోగని గంట

2012 ఆగస్టు 1. న్యూయార్క్‌లో స్టాక్ మార్కెట్ మొదలవడానికి ఇంకా గంటన్నర ఉంది. నైట్ క్యాపిటల్ అనే పెద్ద షేర్ల ట్రేడింగ్ కంపెనీలో ఉదయం 8 గంటల ఒక నిమిషం నుంచి కొందరు ఉద్యోగుల ఇన్‌బాక్సుల్లోకి మెయిళ్లు రావడం మొదలైంది. వాటిలో 'పవర్ పెగ్ డిసేబుల్డ్' అనే ఎర్రర్ ఉంది. తొమ్మిదిన్నరకు మార్కెట్ తెరిచేలోగా అలాంటివి 97 వచ్చాయి. ఎవరూ కదల్లేదు.

అసలు జరిగిందేమిటంటే, కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఏడింటిలోనే పెట్టారు. ఎనిమిదో దానిలో ఏళ్ల కిందట వాడకం మానేసిన 'పవర్ పెగ్' అనే పాత కోడ్ అలాగే ఉండిపోయింది. మార్కెట్ తెరుచుకోగానే అది నిద్రలేచి, ఆపేవాళ్లు లేక కొంటూనే అమ్ముతూనే పోయింది. తప్పు ఎక్కడుందో తెలియక సిబ్బంది సరిగా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేశారు. దాంతో పాత కోడ్ అక్కడా పని మొదలుపెట్టి నష్టం ఇంకా పెరిగింది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. కంపెనీకి 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ విచారణలో ఒక మాట తేలింది. ఆ మెయిళ్లను ఎవరూ హెచ్చరికలుగా తయారు చేయలేదు, సిబ్బంది వాటిని మామూలుగా చదివే అలవాటూ లేదు. అంటే కంప్యూటర్ తనకు తెలిసింది తాను చెప్పింది. వినాల్సిన బాధ్యత ఎవరిదో ఎవరూ తేల్చలేదు.

ఆ బాధ్యతకే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో 'ఆన్‌కాల్' అని పేరు. హైదరాబాద్ మాదాపూర్‌లోనైనా అమెరికాలోనైనా పద్ధతి ఒకటే. ఈ వారం వంతు ఎవరిదో వాళ్లు ఫోన్ తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటారు. తేడా వస్తే ఫోన్ మోగాలి, మోగిన కొద్ది నిమిషాల్లో ల్యాప్‌టాప్ తెరవాలి. కస్టమర్ ఫిర్యాదు చేసేలోపే విషయం వీళ్లకు తెలియాలన్నది ఉద్దేశం. మరి నిద్రలేపేంత తేడా ఏది?

చాలామంది ముందుగా చేసే పని, సర్వర్‌లో ప్రాసెసర్ వాడకం 80 శాతం దాటితే ఫోన్ మోగేలా పెట్టడం. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. కానీ ప్రాసెసర్ 90 శాతం మీద నడుస్తున్నా కస్టమర్ల పనులు చకచకా అయిపోతూ ఉండొచ్చు. నెట్‌వర్క్ తెగి ఒక్క రిక్వెస్టూ లోపలికి రాకపోతే అదే ప్రాసెసర్ 5 శాతం దగ్గర హాయిగా కనిపిస్తుంది, బయట జనం మాత్రం అల్లాడుతుంటారు. మోటారు స్టార్టర్ మీద లైటు వెలుగుతోందా అని కాదు, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా అని చూడాలి. గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన 'సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్' పుస్తకం ఈ ఆలోచనను ప్రపంచమంతా పాకించింది. నిద్రలేపాల్సింది కస్టమర్‌కు తగులుతున్న దెబ్బే. ప్రాసెసర్, మెమరీ అంకెలు లేచాక కారణం వెతకడానికి పనికొస్తాయి.

ఆ దెబ్బను ఎలా కొలవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక పేమెంట్ సర్వీసులో నెలకు 10 లక్షల చెల్లింపులు జరుగుతాయనుకుందాం. 99.9 శాతం సరిగ్గా జరగాలన్నది లక్ష్యం. అంటే నెల మొత్తంలో 1,000 విఫలమైనా ఓర్చుకుంటారు. దీన్ని ఎర్రర్ బడ్జెట్ అంటారు. ఇక చూడాల్సింది ఆ బడ్జెట్ ఎంత వేగంగా కరిగిపోతోందన్నదే. గత గంటలో వైఫల్యాలు 1.44 శాతం దాటితే, అది మామూలుగా ఓర్చుకునే దానికి 14.4 రెట్లు. ఆ వేగం ఇలాగే సాగితే 30 రోజుల బడ్జెట్ 50 గంటల్లో అయిపోతుంది. అర్ధరాత్రి అయినా సరే, ఫోన్ మోగాల్సిందే. సర్వీసు పూర్తిగా పడిపోతే గంట సగటు 1.44 శాతానికి చేరడానికి నిమిషం కూడా పట్టదు. కస్టమర్ రెండోసారి ప్రయత్నించి, విసుగొచ్చి కాల్ సెంటర్ నంబర్ వెతుక్కునేలోగా ఇంజనీర్ లేచి కూర్చుంటాడు.

దీనికి ఇంకో షరతు కలుపుతారు. గత ఐదు నిమిషాల సగటు కూడా అదే హద్దు దాటి ఉండాలి. ఎందుకంటే రిపేరు అయిపోయాక కూడా గంట సగటు చాలాసేపు దిగదు, ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఐదు నిమిషాల షరతు ఉంటే బాగైన కాసేపటికే గోల ఆగిపోతుంది. బడ్జెట్ నెమ్మదిగా కరిగిపోతుంటే నిద్ర చెడగొట్టనక్కర్లేదు, పొద్దున్నే చూసేలా ఒక టికెట్ రాసి పెడితే చాలు.

ఈ లెక్కకూ ఒక హద్దుంది. తెల్లవారుజామున మూడింటికి గంటకు పది చెల్లింపులే జరిగే చోట ఒక్కటి విఫలమైనా 10 శాతం అయిపోతుంది, ఫోన్ ఊరికే మోగుతుంది. అలాంటి రాత్రులు వరుసగా నాలుగు గడిస్తే, ఐదో రాత్రి నిజంగా మోగినప్పుడు మనిషి చూడకుండానే నొక్కి పడుకుంటాడు. అందుకే రద్దీ తక్కువున్న చోట బయటి నుంచి నిమిషానికోసారి నకిలీ చెల్లింపు చేసే చిన్న ప్రోగ్రాం పెడతారు. సర్వర్ దాకా చేరని రిక్వెస్టుల సంగతి బయటపెట్టేదీ అదే.

ఫోన్ మోగి లేచిన మనిషికి మొదట కనిపించేది డ్యాష్‌బోర్డు. అందులో సగటు ఎంత మోసం చేస్తుందో చూడండి. వంద మందిలో 97 మందికి పేజీ 0.2 సెకన్లలో తెరుచుకుంది, ముగ్గురికి 10 సెకన్లు పట్టింది. సగటు తీస్తే అర సెకను కూడా రాదు, తెర మీద గీత ప్రశాంతంగా ఉంటుంది. ఆ ముగ్గురే ఫోన్ చేసి తిడతారు. అందుకే పక్కనే 99వ పర్సెంటైల్ గీత కూడా ఉండాలి. ఎక్కువగా ఇబ్బంది పడుతున్నవాళ్లు ఎంతసేపు ఆగుతున్నారో అది చెబుతుంది, ఇక్కడ 10 సెకన్లు చూపిస్తుంది. గీతలు నలభై ఉంటే నిద్రమత్తు కళ్లకు ఏదీ కనపడదు. మొదటి తెర మీద రద్దీ, వైఫల్యాలు, ఆలస్యం, ఎంత నిండిందన్నది, ఈ నాలుగూ చాలు. చివరిసారి కొత్త కోడ్ ఎప్పుడు పెట్టారో ఒక నిలువు గీత గీస్తే ఇంకా మంచిది. చాలాసార్లు తేడా మొదలయ్యేది అక్కడే.

ఇవన్నీ చక్కగా అమర్చుకున్నా, హెచ్చరిక దారిలోనే ఆగిపోతే? గిట్‌ల్యాబ్ సంస్థకు 2017 జనవరి 31న ఆ సంగతి తెలిసొచ్చింది. ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్లను చెరిపేశాడు. బ్యాకప్ కోసం వెతికితే అది లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కుదరక అది రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమయ్యానని మెయిలూ పంపుతోంది. ఆ మెయిళ్లకు సంతకం సరిగా లేదని మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. ఎవరికీ మెయిల్ రాలేదు కాబట్టి అంతా బాగుందనే అనుకున్నారు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు ఒకరు వేరే పని కోసం తీసిన కాపీ దొరికింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు.

ఈ మౌనానికి విరుగుడుగా ప్రొమీథియస్ వంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు 'వాచ్‌డాగ్' అనే హెచ్చరికను పెడతారు. అది ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, కానీ మనిషికి కాదు, వేరే చోట నడిచే ఇంకో సర్వీసుకు. అక్కడికి ఆ చప్పుడు రావడం ఆగిపోయిన కాసేపటికి మానిటరింగే పడిపోయిందని తెలిసి ఫోన్ మోగుతుంది. బ్యాకప్పులకూ ఇదే పద్ధతి. 'విఫలమైతే చెప్పు' అనకుండా, 'గత 24 గంటల్లో సరైన బ్యాకప్ కనపడకపోతే లేపు' అని రాయాలి.

ఆన్‌కాల్ వంతు మీదైతే ఈ వారమే ఒక పని చేయండి. టీముకు ముందే చెప్పి, పట్టపగలు, టెస్ట్ సర్వర్ల మీద పేమెంట్ సర్వీసును కావాలని ఆపండి. ఎవరి ఫోన్ మోగింది, ఎన్ని నిమిషాలకు మోగింది అన్నది కాగితం మీద రాసుకోండి. తర్వాత మానిటరింగ్ సర్వర్‌నే ఆపి, అప్పుడూ ఎవరి ఫోనైనా మోగిందో లేదో చూడండి.