తెలుగు వ్యాసానికి ఏ ఫాంటు?

సొంతంగా బ్లాగు రాసేవాళ్లు ఎంచుకునే థీమ్‌లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాలకు తయారైనవి. వాటిలో జార్జియా లాంటి ఫాంటు పెట్టి ఉంటుంది. జార్జియాలో తెలుగు అక్షరాలు లేవు. అందుకని బ్రౌజర్ చదివేవారి యంత్రంలో ఏ తెలుగు ఫాంటు ఉంటే దాన్ని తెచ్చి పెడుతుంది. విండోస్‌లో నిర్మల, ఐఫోన్‌లో కోహినూర్, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ కనబడతాయి. అంటే మీ వ్యాసం ఒక్కొక్కరికి ఒక్కో ముఖంతో వెళుతుంది. ఆ ముఖం ఎలా ఉండాలో మీరే నిర్ణయించాలంటే, తెలుగు ఫాంటును పేరు పెట్టి చెప్పాలి.

రెండు వేల మాటల జ్ఞాపకాల వ్యాసాలు రాసేవారిని ఊహించుకుందాం. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన వాటిలో రామభద్ర లావుగా, నిండుగా ఉంటుంది. శీర్షికకు అది చక్కగా అమరుతుంది. వ్యాసమంతా దానితోనే పెడితే మాత్రం పేజీ నల్లబడి, పోస్టరును పేరాలుగా చదువుతున్నట్టు ఉంటుంది. నోటో సాన్స్ తెలుగులో గీత మందం దాదాపు ఒకేలా సాగుతుంది. వార్తకీ, వివరణకీ అది సరైన గొంతు. నోటో సెరిఫ్ తెలుగు, టిరో తెలుగు ఫాంటుల్లో గీత ఒకచోట సన్నబడి మరోచోట లావెక్కుతుంది. అచ్చుపుస్తకం చదివే అలవాటున్న కంటికి అది పరిచయమైన నడక. జ్ఞాపకాలకైతే నేను వీటి వైపే మొగ్గుతాను.

ఎంచుకునే ముందు ఫోన్‌లో ఒక పరీక్ష చేయాలి. ‘ద, థ, ధ’ పక్కపక్కన రాసి చూడండి. థకు కడుపులో చుక్క ఉంటుంది. ధకు అడుగున చిన్న గీత ఉంటుంది. మీరు అనుకున్న సైజులో ఆ చుక్క, ఆ గీత విడివిడిగా కనబడకపోతే సైజు పెంచాలి, లేదా ఫాంటు మార్చాలి. ఇంగ్లీషుకు 16 పిక్సెళ్లు సరిపోతాయని థీమ్ చెప్పినా, పొడుగు తెలుగు వ్యాసానికి 18 నుంచి 20 మధ్య పెడితే కన్ను తేలికపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది వరుసల మధ్య ఎడం. తెలుగులో గుడులు, తలకట్లు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. ‘రాష్ట్రం’లో ష కింద టవత్తు, దానితోపాటు క్రారవడి కూడా ఉంటాయి. సరిగ్గా దాని కింది వరుసలో ‘తీర్థం’ పడితే, ఇరుకు థీమ్‌లో పైమాట వత్తులు కిందిమాట గుడి దీర్ఘాన్ని తాకినంత పని చేస్తాయి. అక్షరాలు తాకకపోయినా, వరుస చివరి నుంచి తర్వాతి వరుస మొదటికి వచ్చేటప్పుడు చూపు దారి తప్పి, చదివిన వరుసనే మళ్లీ చదువుతుంది. ఎడం చాలలేదని దాన్నిబట్టే తెలుసుకోవచ్చు. అక్షరం సైజు 19 పిక్సెళ్లయినప్పుడు ఎడాన్ని 1.4 నుంచి 1.8కి మారిస్తే, ఒక్కో వరుసకు సుమారు 27 పిక్సెళ్ల బదులు 34 దొరుకుతాయి. వత్తులు కుదురుకోవడానికి ఆ ఏడు పిక్సెళ్లు చాలు.

```css
.post {
  font-family: "Noto Serif Telugu",
    "Nirmala UI", "Kohinoor Telugu", serif;
  font-size: 19px;
  line-height: 1.8;
  letter-spacing: 0;
  text-align: left;
}
```

ఇక్కడ `.post` స్థానంలో మీ థీమ్ వ్యాసభాగానికి పెట్టుకున్న పేరు రాయాలి. మొదటి ఫాంటును గూగుల్ ఫాంట్స్ నుంచి థీమ్‌కు జతచేయాలి. అది అందకపోతే తర్వాతి పేర్లు ఆదుకుంటాయి. అక్షరాల మధ్య అదనపు ఎడం సున్నా చేయడం ఎందుకంటే, ఇంగ్లీషు శీర్షికలకు సొగసుగా ఉండే ఆ ఎడం తెలుగు పదాన్ని ముక్కలు చేస్తుంది. వరుసలను రెండు అంచులకూ సమం చేయకపోవడానికి కారణం మన పదాల పొడవు. ఫోన్‌లో ఒక వరుసకు మూడు నాలుగు పదాలే పడతాయి, వాటిని లాగి సర్దితే మధ్యలో గండ్లు పడతాయి.

బోల్డ్ దగ్గర కూడా జాగ్రత్త పడాలి. వార్తాపత్రికలను దృష్టిలో పెట్టుకుని చేసిన మండలి ఫాంటు ఒకే మందంలో దొరుకుతుంది. దాన్ని బోల్డ్ చేయమంటే బ్రౌజరే గీతలను మందం చేస్తుంది. ఘ, ఝ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. మాటలను ఒత్తి చెప్పే అలవాటున్నవారికి నోటో సెరిఫ్ నయం, దానిలో అసలైన బోల్డ్ ఉంది.

ఈమెయిల్లో పంపే వార్తాలేఖకు మాత్రం ఈ స్వేచ్ఛ చాలావరకు ఉండదు. జీమెయిల్ బయటి ఫాంటును పట్టించుకోదు, పాఠకుడి ఫోన్‌లో ఉన్నదే చూపిస్తుంది. అక్కడ ఫాంటు ఎంపికకు సమయం పెట్టకుండా సైజు, వరుసల ఎడం, చిన్న పేరాలు చూసుకోండి. లావు అక్షరాల శీర్షిక తప్పనిసరి అనుకుంటే దాన్ని బొమ్మగా పెట్టి, అదే మాటను బొమ్మకు వివరణగా కూడా రాయాలి. చాలామంది ఈమెయిల్లో బొమ్మలు రాకుండా ఆపుకుంటారు.