ముగ్గురికీ కుదిరే అరగంట

హైదరాబాద్‌లో ఒకరు, లండన్‌లో ఒకరు, న్యూయార్క్‌లో ఒకరు ఒకే జట్టులో పనిచేస్తున్నారనుకుందాం. వారానికోసారి ముగ్గురూ మాట్లాడుకోవాలి. ఏ వేళకి? మీటింగ్ ప్లానర్ ఒక్కో ఊరి పనివేళలను ఒక్కో పట్టీగా కింద కింద పేర్చి, మూడూ కలిసే చోటు చూపిస్తుంది.

లోపలి లెక్క చిన్నదే. ముందు అన్ని వేళలనూ ఒకే గడియారంలోకి మార్చాలి. జనవరి నెల తీసుకుని మన గడియారంలోకే మార్చి చూద్దాం. లండన్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 అంటే మనకు మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 10:30. న్యూయార్క్‌లో అదే పనిదినం మనకు రాత్రి 7:30కి మొదలై తెల్లవారుజామున 3:30కి ముగుస్తుంది. హైదరాబాద్ ఉద్యోగి ఉదయం 11 నుంచి రాత్రి 8 దాకా ఉంటారు. అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టేది న్యూయార్క్, 7:30కి. అందరికన్నా ముందు ముగించేది హైదరాబాద్, 8కి. ఆ రెంటి నడుమ మిగిలిందే ఉమ్మడి వేళ. అంటే అరగంట. హైదరాబాద్‌లో సాయంత్రం 6కే ఇంటికి వెళ్లిపోతే అదీ ఉండదు.

ఇక్కడో చిక్కుంది. మన సమయం గ్రీనిచ్‌కన్నా అయిదున్నర గంటలు ముందు. పట్టీని గంటకో గడిగా గీసే ప్లానర్‌లో మన అరగంట ఏ గడిలోనూ పూర్తిగా ఇమడదు, కాబట్టి ఉమ్మడి వేళ లేదని చూపించవచ్చు. అరగంట గళ్లున్నదాన్నే ఎంచుకోవాలి.

అసలు తిప్పలు మార్చిలో. వేసవికి గడియారాన్ని గంట ముందుకు జరిపే అలవాటు మనకు లేదు, వాళ్లకుంది. కానీ ఒకే రోజున జరపరు. 2026లో న్యూయార్క్ మార్చి 8న జరిపితే లండన్ 29న జరుపుతుంది. మీటింగ్‌ను న్యూయార్క్ ఉదయం 9కి కట్టేశామనుకోండి. జనవరిలో అది మనకు రాత్రి 7:30, లండన్‌కు మధ్యాహ్నం 2. మార్చి 8 తర్వాత మనకు 6:30, లండన్‌కు 1 గంట, సరిగ్గా భోజనాల వేళ. 29 తర్వాత లండన్‌కు మళ్లీ 2 గంటలు. ఆ మూడు వారాల్లోనే ఒకరు కాల్‌లో ఒంటరిగా ఎదురుచూస్తుంటారు, ఇంకొకరు తన తప్పేమిటో తెలియక క్షమాపణ చెబుతుంటారు.

అందుకే ప్లానర్‌లో ‘న్యూయార్క్ అంటే గ్రీనిచ్‌కు 5 గంటలు వెనుక’ అని అంకె పెట్టకూడదు. `America/New_York`, `Europe/London`, `Asia/Kolkata` అని ఊరి పేర్లతోనే ఎంచుకోవాలి. ఏ తేదీన గడియారం జరుగుతుందో ఆ పేరుతోపాటే నమోదై ఉంటుంది. `IST` అని రాయడమూ ప్రమాదమే. ఐర్లాండ్ వేసవి సమయానికీ, ఇజ్రాయెల్ సమయానికీ అవే మూడక్షరాలు.

వేసవిలో మన ముగ్గురికీ 6:30 నుంచి 8 దాకా గంటన్నర దొరుకుతుంది. ఎక్కువసేపు పట్టే చర్చలు ఆ నెలల్లో పెట్టుకుని, నవంబర్ 1న న్యూయార్క్ గడియారం వెనక్కి వెళ్లాక ఆ అరగంటలో తేలాల్సినవే తేల్చుకుంటే, హైదరాబాద్‌లో ఎవరూ రాత్రి 10 దాకా కూర్చోనక్కర్లేదు.