పిలుపులో ఉండాల్సిన గంట, గడప

కృష్ణా డెల్టాలో పెళ్లికి శుభలేఖ ఒక్కటీ పంపించి ఊరుకుంటే పిలిచినట్టు కాదు. ఎవరో ఒకరు కుంకుమ భరిణెతో గడప దాకా వచ్చి, బొట్టు పెట్టి, ‘మధ్యాహ్నం భోజనాలకి ఇంటిల్లిపాదీ రావాలి’ అని చెప్పాలి. శుభలేఖ వార్త మోస్తుంది. ఎవరు రావాలో, ఏ పూటకి రావాలో చెప్పేది ఆ నోటిపిలుపే. ఇప్పుడు పిలుపులన్నీ వాట్సాప్ గ్రూపుల్లోకి చేరాయి. శుభలేఖ మాత్రం ఫోన్లోకి వచ్చింది, బొట్టు రాలేదు. ఆ లోటు తీర్చడానికి రాసేవాళ్లు గొంతు పెంచుతారు.

గుడివాడలో కుర్రాళ్లు కొందరు జూన్ 14న, ప్రపంచ రక్తదాతల దినోత్సవం రోజున, శిబిరం పెడుతున్నారనుకుందాం. పోస్టు ఎలా ఉంటుందో మనకు తెలిసిందే: ‘రక్తదానం మహాదానం! ప్రాణదాతలు కండి! అందరూ తప్పక విచ్చేసి జయప్రదం చేయండి! ప్లీజ్, అందరికీ షేర్ చేయండి!’ చదివినవాళ్లు చేతులు జోడించిన బొమ్మ పెడతారు, కొందరు షేర్ చేస్తారు. పని చేసేశామన్న తృప్తి వాళ్లకు అక్కడితోనే దొరికిపోతుంది.

వాళ్లకు మనసు లేక కాదు. 1965లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ లెవెంథాల్ బృందం విద్యార్థులకు ధనుర్వాతం గురించి పుస్తకాలిచ్చి, టీకా వేయించుకోమంది. కొన్ని పుస్తకాల్లో భయపెట్టే వివరాలు, ఫొటోలు బాగా దట్టించారు. అవి చదివినవాళ్లు టీకా తప్పక వేయించుకోవాలని మరింత గట్టిగా అనుకున్నారు గానీ, సూది దగ్గరికి వెళ్లిన లెక్కలో పెద్ద తేడా రాలేదు. తేడా తెచ్చింది వేరే సంగతి. కొందరికి ఆరోగ్య కేంద్రం గుర్తుపెట్టిన మ్యాపు ఇచ్చి, తమ వారం టైంటేబుల్ చూసుకుని ఎప్పుడు వెళ్లగలరో నిర్ణయించుకోమన్నారు. ఆ కేంద్రం ఎక్కడుందో వాళ్లకు ముందే తెలుసు. అయినా వాళ్లలో సుమారు 28 శాతం మంది వెళ్లారు, మిగతావాళ్లలో 3 శాతం. ఇంకో ముచ్చట: ప్రమాదం గురించి ఏమీ చెప్పకుండా మ్యాపు మాత్రమే ఇచ్చిన గుంపులో ఎవరూ వెళ్లలేదు. అంటే కారణమూ కావాలి, దారీ కావాలి. మన పోస్టుల్లో కారణం పొంగిపొర్లుతుంది, దారి ఉండదు.

ఈ ఫలితాన్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. చూసింది చిన్న గుంపుల్ని. 2011లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఉద్యోగుల్ని ఫ్లూ టీకాకు వెళ్లే తేదీ, గంట రాసుకోమంటే, వెళ్లినవాళ్లు 33 శాతం నుంచి 37 శాతానికి పెరిగారు. అంతే. కానీ ఆ నాలుగు శాతానికీ అదనపు ఖర్చు ఒక వాక్యమే.

ఇక శిబిరం లెక్క చూద్దాం. మంచాలు నాలుగు. రక్తం తీయడానికి పట్టేది పది నిమిషాలే అయినా పడుకోవడం, లేవడం కలిపి మంచానికి మనిషికి 20 నిమిషాలు వేసుకోవాలి. అంటే గంటకు 12 మంది. ఎండ ముదరకముందే, ఉదయం 8 నుంచి 12 వరకు, 48 మంది. ఈ లెక్క తెలిశాక పోస్టు స్వరం దానంతటదే మారుతుంది.

‘జూన్ 14 ఉదయం 8 నుంచి 12 వరకు గుడివాడలో, బస్టాండు దగ్గరి హాల్లో రక్తదాన శిబిరం. ఇవ్వదలచినవారు మీ పేరు, మీకు వీలైన గంట (8, 9, 10, 11) ఈ నంబరుకు పంపండి. గంటకు 12 మందికే వీలుంది. 12వ తేదీ సాయంత్రంలోగా చెబితే మీరు లైన్లో కూర్చోనక్కర్లేదు. పరీక్షలు, విశ్రాంతి కలిపి గంటలో బయటపడతారు. టిఫిన్ చేసి రండి. ఈసారి కుదరకపోతే ఫర్వాలేదు.’

ఇందులో అడిగింది ఒక్క పని: పేరు, గంట పంపడం. షేర్ చేయమనలేదు, పేజీ ఫాలో అవమనలేదు. గడువు ఉంది కానీ అది బెదిరింపు కాదు, దాని వెనుక నాలుగు మంచాల లెక్క ఉంది. ‘ఆఖరి అవకాశం’ అని రాసి మర్నాడు మళ్లీ అదే రాసేవాళ్ల మాట మూడోసారి ఎవరూ నమ్మరు.

చివరి వాక్యం చూసి నిర్వాహకులు జంకుతారు, రాకపోవడానికి మనమే సాకు ఇచ్చినట్టు కదా అని. కానీ మనిషి మీద ఒత్తిడి తెస్తే తన స్వేచ్ఛ కాపాడుకోవడానికే ఎదురు తిరుగుతాడని మనస్తత్వవేత్త జాక్ బ్రెమ్ 1966లోనే వివరించాడు. 2000లో ఫ్రాన్సులో గెగెన్, పాస్కువాల్ అనే పరిశోధకులు దీన్ని తిరగేసి చూశారు. బస్సుకు చిల్లర అడిగి, ‘ఇవ్వడం, మానడం మీ ఇష్టం’ అని ఒక్క మాట జోడిస్తే, ఇచ్చినవాళ్లు 10 శాతం నుంచి 47 దాకా పెరిగారు. అది ఎదురుగా నిలబడి అడిగినప్పటి మాట, ఫోన్ తెర మీద అంత ఆశించకూడదు. నష్టం మాత్రం లేదు.

అసలు దీనత్వం రెండో పోస్టులో బయటపడుతుంది. ‘ఇప్పటిదాకా తొమ్మిది మందే పేర్లిచ్చారు, దయచేసి స్పందించండి’ అని రాస్తే, ఎవరూ రావడం లేదన్న కబురు మనమే ఊరంతా చాటినట్టు. దానికి బదులు ‘9, 10 గంటలకు ఇంకా చోటుంది’ అంటే చాలు, అబద్ధమూ కాదు. గ్రూపుకు రెండోసారి అంతకు మించి రాయొద్దు. పేరిచ్చినవాళ్లకు మాత్రం 13వ తేదీ సాయంత్రం విడిగా ఒక మెసేజ్ పెట్టాలి: ‘రేపు 9 గంటలకు మీ పేరు రాసుకున్నాం. రాలేకపోతే ఇప్పుడే చెప్పండి, ఆ గంట ఇంకొకరికి ఇస్తాం.’